డెబ్బై ఐదు వేలు ఎవరు పెట్టిన అంకె?

మా పెద్దమ్మ కొడుకు ఖమ్మంలో ట్రాలీ నడుపుతాడు. మిర్చి సీజన్లో యార్డుకు బస్తాలు, మిగతా రోజుల్లో సిమెంటు, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, ఏది దొరికితే అది. ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం అతని ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ముక్కూ ముఖం తెలియనివాడు కాదు, అదే స్టాండులో బండి పెట్టే ఇంకో డ్రైవరు. మీ బండికి చలానా పడింది, వివరాలకు ఇది తెరవండి అని, కింద `RTO E Challan.apk` అనే ఫైలు, తెరిస్తే ఫోన్‌లో యాప్‌గా చేరిపోయే రకం. బండి నడిపేవాడికి చలానా అంటే నమ్మకపోవడానికి ఏముంది? తెరిచాడు. మెసేజ్‌లు చూడటానికి అనుమతి అడిగితే ఇచ్చాడు. ఒక్క రూపాయి కట్టి వాహనం వివరాలు సరిచూసుకోండి అంటే కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే మూడు అంకెలు, ఏటీఎం పిన్ కూడా కొట్టాడు. ఏమీ తెరుచుకోలేదు. నెట్ సరిగా లేదేమో అనుకుని ఫోన్ చార్జింగ్‌కి పెట్టి పడుకున్నాడు. ఆ మెసేజ్ పంపిన డ్రైవరు ఫోన్ అప్పటికే దొంగల చేతుల్లో ఉందని, తన కాంటాక్టులందరికీ అదే ఫైలు వెళ్లిందని మర్నాడు తెలిసింది.

అప్పుడు అతని ఖాతాలో 2,31,400 రూపాయలున్నాయి. బండి మార్చడానికి చిట్టీ ఎత్తిన డబ్బు. సోమవారం షోరూములో కట్టాల్సింది.

తెల్లవారుజామున ఐదున్నరకి లేచి చూస్తే 76,570 ఉంది.

ఆదివారం నేను వెళ్లి స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. శనివారం రాత్రి 11:41కి ఆన్‌లైన్ కార్డు కొనుగోలు 49,990. మూడు నిమిషాల తర్వాత 24,900. తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ లేదు. 12:03కి మళ్లీ 49,990, 12:05కి 24,950. ఆ తర్వాత యూపీఐలో ఒకటే ఒకటి, సరిగ్గా 5,000. అంతే, ఆగిపోయింది.

ఈ ఆగిపోవడమే నన్ను పట్టుకుంది. దొంగ దయతలచి ఆపలేదు కదా. అర్ధరాత్రి ముందు రెండు లావాదేవీలు కలిపితే 74,890. తర్వాతి రెండూ కలిపితే 74,940. ఆ కార్డుకి ఆన్‌లైన్ రోజువారీ పరిమితి 75,000. తేదీ మారగానే పరిమితి మళ్లీ నిండుకుండలా తయారవుతుందని వాళ్లకు తెలుసు, అందుకే పదకొండున్నర దాటాక మొదలుపెట్టారు. యూపీఐలో ఐదు వేల దగ్గర ఆగడానికి కూడా కారణముంది. కొత్త ఫోన్‌లో యూపీఐ రిజిస్టర్ చేసుకుంటే మొదటి 24 గంటలు 5,000 రూపాయలు దాటి పంపనివ్వరు. వాళ్లు కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీతో వాళ్ల ఫోన్‌లోనే అతని ఖాతాకు కొత్త యూపీఐ పిన్ పెట్టుకున్నారు. సిమ్ నుంచి వెళ్లాల్సిన మెసేజ్‌ని అతని ఫోన్‌లో కూర్చున్న ఆ ఫైలే పంపింది, వచ్చిన ఓటీపీని అదే వాళ్లకు అందించింది. ఇంత పకడ్బందీగా చేసినవాళ్లకు కూడా ఆ 24 గంటల నియమం దగ్గర ఏమీ తోచలేదు. మిగిలిన 76,570 మిగిలింది ఆ రెండు అంకెల పుణ్యమే.

అయితే ఒక అంకె మాత్రం నాకు ఎంతకీ మింగుడు పడలేదు. "అన్నయ్యా, ఈ కార్డుతో ఆన్‌లైన్లో ఎప్పుడైనా ఏమైనా కొన్నావా?" అని అడిగాను.

"నేనెక్కడ కొంటానురా. ఫాస్టాగ్ తీసుకున్నప్పుడు ఒకసారి ఐదొందలు కట్టా. అప్పుడు కూడా అది ఆన్‌లో లేదంటే షాపులో పిల్లోడే నొక్కి ఆన్ చేశాడు."

మొత్తం కథ ఇదే. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలో, దుకాణంలో స్వైప్ మిషన్‌లో మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు, తాకిస్తే చాలు డబ్బు పోయే పద్ధతి, వీటిని ఖాతాదారు కావాలనుకుంటేనే ఆన్ చేసుకోవాలి. ఒక్కోదానికి పరిమితి ఎంతో కూడా ఖాతాదారే, ఏ పూటైనా, మార్చుకునే వీలుండాలి. మంచి నియమం. కానీ ఐదొందల కోసం ఒకసారి ఆన్ చేస్తే అది ఆన్‌లోనే ఉండిపోతుంది. ఆన్ అయినప్పుడు ఐదొందలకు ఆన్ అవదు, చాలాసార్లు బ్యాంకు ఆ రకం కార్డుకు ఇచ్చే గరిష్ఠానికే ఆన్ అవుతుంది. జీవితంలో ఒక్కసారి ఐదొందలు కట్టిన మనిషికి రోజుకి డెబ్బై ఐదు వేల ద్వారం తెరిచి ఉంది, ఏళ్ల తరబడి. ఆ అంకె అన్నయ్య పెట్టింది కాదు, అతని అవసరం చూసి ఎవరూ లెక్కేసింది కాదు.

అందుకే నా వాదన ఇది. పరిమితి తగ్గించుకోవడం దొంగను ఆపడానికి కాదు. మనం ఒక పొరపాటు చేస్తే దానికి ధర ఎంత ఉండాలో ముందే నిర్ణయించుకోవడానికి. అన్నయ్య ఏమీ తెలియనివాడు కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అతనికీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు కూడా. జాగ్రత్తగా ఉండండి అనే సలహాతో నాకున్న గొడవ ఇక్కడే. ఏడాదిలో 364 రోజులు జాగ్రత్తగా ఉండి, ఒక్క శనివారం సాయంత్రం అలసిపోయి ఉంటే చాలు. అంకెకి అలసట ఉండదు.

పోయిన డబ్బు బ్యాంకు ఇస్తుంది కదా అనేవాళ్లున్నారు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై నిబంధన ప్రకారం తప్పు మనది కాకుండా మూడో వ్యక్తి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం లేదు. నిజమే. కానీ అదే నిబంధనలో ఇంకో మాట ఉంది: ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్‌లాంటివి తనే ఇచ్చేయడం వల్ల పోతే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. చెప్పిన తర్వాత పోయేది మాత్రమే బ్యాంకుది. అన్నయ్య విషయంలో బ్యాంకు ఆ రెండో వాక్యమే పట్టుకుంది. పిన్ మీరే కొట్టారు కదండీ అన్నారు. తెల్లవారుజామున సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయబట్టి చివరి 24,950 ఒక వాలెట్‌లో ఖర్చవకుండా దొరికింది, దాన్ని అక్కడే నిలిపారు. మిగతావి అప్పటికే మూడు నాలుగు ఖాతాలు దాటిపోయాయి. నిలిపిన డబ్బు కూడా వెంటనే చేతికి రాలేదు, కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇలాంటివి లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తోంది, అన్నయ్యకూ ఆ దారినే వచ్చింది. పోయిన 1,54,830లో తిరిగి వచ్చింది 24,950.

ఇప్పుడు అదే రాత్రిని వేరే అంకెలతో చూద్దాం. ఆన్‌లైన్ కార్డు వాడకం ఆఫ్‌లో ఉంటే ఆ నాలుగు లావాదేవీలూ జరిగేవి కావు, పోయేది యూపీఐ 5,000 ఒక్కటే. ఆఫ్ కాకుండా ఐదు వేల పరిమితితో ఆన్‌లో ఉన్నా, తేదీ మారడం కలుపుకుని పది వేలు, యూపీఐతో కలిపి 15,000. ఆ ఫైలు అదే, ఆ దొంగ వాడే, అన్నయ్య చేసిన పొరపాటు కూడా అదే. తేడా అల్లా కార్డు సెట్టింగుల్లో ఒక మీట. రోజువారీ పరిమితి అని రాసి ఉంటే దాన్ని రెండుతో గుణించి చదవండి, ఒక్క రాత్రికి మీ నష్టం అంత.

నేను అన్నయ్య ఫోన్‌ని దుకాణంలో చూపించి మొత్తం రీసెట్ చేయించి, కొత్త కార్డు వచ్చాక కూర్చుని ఇవన్నీ పెట్టాను. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే `Manage Card` అనో `Card Controls` అనో ఉంటుంది, పేరు బ్యాంకుని బట్టి మారుతుంది. లోపల ఏటీఎం, స్వైప్ మిషన్, ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, విదేశీ, వేటి మీట వాటికి ఉంటుంది. విదేశీ పూర్తిగా ఆఫ్. ఇది అందరికీ చెబుతాను, ఎందుకంటే మన దేశంలోని సైట్లు ఓటీపీ అడుగుతాయి, బయటి సైట్లలో చాలావాటికి కార్డు మీది అంకెలుంటే చాలు. కాంటాక్ట్‌లెస్ కూడా ఆఫ్. 2021 జనవరి నుంచి ఐదు వేల దాకా పిన్ లేకుండా తాకిస్తే వెళ్లిపోతుంది, పర్సు పోతే దొరికినవాడి పండగ. ఆన్‌లైన్ ఆఫ్, కావాల్సిన రోజు ఆన్ చేసి, పని అయ్యాక మళ్లీ ఆఫ్. ఏటీఎం పది వేలు.

స్వైప్ మిషన్ దగ్గరకొచ్చేసరికి మా వదిన అడ్డుపడింది. "అన్నీ కట్టేస్తే అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే అడ్వాన్స్ ఎక్కణ్ణుంచి కట్టాలి?" ఈ ప్రశ్నే చాలామందిని ఈ పని చేయనివ్వదు, తీసిపారేయదగ్గ ప్రశ్న కూడా కాదు. జవాబు ఏమిటంటే అన్ని పరిమితులూ ఒకేలా తగ్గించాల్సిన పనిలేదు. స్వైప్ మిషన్‌లో డబ్బు పోవాలంటే కార్డు చేతిలో ఉండాలి, పిన్ తెలియాలి. ఎక్కడో కూర్చున్నవాడు ఆ రెండూ ఒకేసారి సంపాదించడం కష్టం. అందుకని దాన్ని యాభై వేల దగ్గరే ఉంచాం. ఆసుపత్రి బిల్లుకి ఆ దారి చాలు. దూరం నుంచి దోచుకునే వీలున్న దారులు బిగించాలి, మనిషి ఎదురుగా నిలబడాల్సిన దారి కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఏటీఎం తగ్గించి, ఆన్‌లైన్ అలాగే వదిలేస్తారు.

కార్డు ఆఫ్ చేశాం కదా, ఇక యూపీఐ కూడా ఆగిపోతుందని అన్నయ్య అనుకున్నాడు. ఆగదు. ఈ అపోహ చదువుకున్నవాళ్లలో కూడా చూశాను. యూపీఐ పిన్ పెట్టేటప్పుడు కార్డు కావాలి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. పిన్ పెట్టుకున్నాక యూపీఐ నేరుగా ఖాతా నుంచి తీసుకుంటుంది. కార్డు పరిమితులు దానికి తెలియవు, కార్డు బ్లాక్ చేసినా అది నడుస్తూనే ఉంటుంది.

మనుషుల మధ్య పంపుకునే యూపీఐకి మామూలు గరిష్ఠం రోజుకి లక్ష. దీన్ని తగ్గించే మీట మనం రోజూ స్కాన్ చేసే యాప్‌లో వెతికితే చాలావరకు దొరకదు. అది ఉంటే గింటే బ్యాంకు సొంత యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ఉంటుంది. అక్కడ తగ్గిస్తేనే మేలు కూడా, ఎందుకంటే ఒకే ఖాతాను మూడు యాప్‌లలో కలిపి ఉంచుకున్నా బ్యాంకు దగ్గర పెట్టిన అంకె మూడింటికీ కలిపి వర్తించాలి. పెట్టాక నమ్మి ఊరుకోకండి. నా ఖాతాకి ఎనిమిది వేలు పెట్టుకున్నాక, నా ఇంకో ఖాతాకే 8,001 పంపి చూశాను. వెళ్లలేదు. ఫోన్‌లోని రెండో యాప్ నుంచి కూడా ప్రయత్నించాను, అదీ వెళ్లలేదు. అప్పుడే ఖాయమైంది. అన్నయ్య ఖాతాకీ అదే అంకె పెట్టాను.

ఎనిమిది వేలే ఎందుకంటే, మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి చూస్తే కూరగాయలు, పాలు, ఆటోలు, మందులు అన్నీ కలిపి మామూలు రోజున వెయ్యి దాటదు. అద్దె, పిల్లల ఫీజు పక్కన పెడితే అన్నిటికన్నా ఎక్కువైన రోజు 6,400, చుట్టాలొచ్చి బట్టలు కొన్న రోజు. దాని మీద కాస్త జాగా. అద్దె యూపీఐలో కట్టడం మానేశాను. ఇంటి ఓనరు ఖాతాను నెట్ బ్యాంకింగ్‌లో ఎప్పుడో చేర్చి ఉంచాను, నెలకోసారి అక్కణ్ణుంచి వెళ్తుంది. ఏడాదిలో ఒక్కసారి వచ్చే పెద్ద ఖర్చు కోసం మిగతా రోజులన్నీ లక్ష తలుపు బార్లా తెరిచి పెట్టుకోవడం, పెళ్లి పందిరి ఏడాది పొడుగునా వీధిలో ఉంచుకున్నట్టే.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. యాప్‌లో నేను ఒక్క నిమిషంలో పెంచుకోగలిగితే, నా ఫోన్‌లో దూరినవాడు పెంచుకోలేడా? పెంచుకోగలడు. పెంచడానికి అడిగేది ఓటీపీయే అయితే, ఓటీపీలు వాడి దగ్గరికే వెళ్తుంటే, ఆ పరిమితి గడియ లేని తలుపే. అన్నయ్య విషయంలో వాళ్ల దగ్గర కార్డు వివరాలున్నాయి కానీ బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ లేదు, అందుకే 75,000ని కదపలేకపోయారు. ఇంకో రకం మోసంలో అదీ అక్కర్లేదు. డిజిటల్ అరెస్ట్ అంటూ గంటల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టేవాడు మన చేతే పరిమితి పెంచిస్తాడు, లేదా మన కాళ్లతోనే బ్యాంకుకి నడిపించి ఆర్‌టీజీఎస్ ఫారం నింపిస్తాడు. ఆ భయానికి ఈ అంకెలు మందు కావు. లావాదేవీ ఫెయిలైన ఆ ఒక్క క్షణంలో మనిషి తెప్పరిల్లితే తెప్పరిల్లుతాడు, అంతకుమించి నేను చెప్పలేను.

అందుకే నేను చివరికి నమ్ముకున్న పరిమితి ఏ యాప్‌లోనూ లేదు. ఖాతాలో ఉన్న డబ్బే పరిమితి. అన్నయ్యకి ఇప్పుడు రెండు ఖాతాలు. ఒకటి వేరే బ్యాంకులో, దానికి కార్డు తీసుకోలేదు, యూపీఐకి కలపలేదు, నెట్ బ్యాంకింగ్ అడగలేదు. పాసు పుస్తకం, చెక్కు, అంతే. చిట్టీ డబ్బు, బండి డబ్బు అక్కడుంటాయి. రెండోది రోజువారీది. అందులో పదిహేను వేలకు మించి ఉంచడు, కిరాయిలు పడి ఎక్కువైతే వారానికోసారి అటు పంపేస్తాడు. స్కాన్ చేసేది, ఫాస్టాగ్, డీజిలు అన్నీ దీన్నుంచే. దీన్నుంచి పోతే పోయేది పదిహేను వేలు, ఎవడెంత తెలివైనవాడైనా.

నాకు తెలిసిన ఒకాయన ఇదే పనిని సగం చేసి దెబ్బతిన్నాడు. పొదుపు ఖాతాలో ఉంచకుండా అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడు. డిపాజిట్ భద్రమే అనుకున్నాడు. నెట్ బ్యాంకింగ్‌లోకి చొరబడినవాడు ముందు డిపాజిట్‌ను గడువుకి ముందే రద్దు చేశాడు, డబ్బు పొదుపు ఖాతాలో పడింది, అక్కణ్ణుంచి పంపేశాడు. ఆన్‌లైన్లో వేసిన డిపాజిట్‌ను ఆన్‌లైన్లోనే విరగ్గొట్టొచ్చు. బ్రాంచిలో కాగితం మీద వేసి, ఆన్‌లైన్లో రద్దు చేసే వీలు లేకుండా చేయమని రాసివ్వొచ్చేమో అడగాలి. కుదరదంటే ఆ డిపాజిట్ వేరే బ్యాంకులో, నెట్ బ్యాంకింగ్ లేని ఖాతా మీద ఉండాలి.

ఇంకో సందు కూడా ఉంది. ఆధార్, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి. దానికి కార్డు పరిమితీ, యూపీఐ పరిమితీ రెండూ వర్తించవు. అన్నయ్య దాన్ని ఎప్పుడూ వాడడు కాబట్టి ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేశాం. పెద్దవాళ్లు పల్లెలో పింఛను అలా తీసుకుంటుంటే మాత్రం వేయకూడదు, రేపు తీసుకోబోతే రాదు.

ఇవన్నీ పెట్టిన నెలకి అన్నయ్య దగ్గర్నుంచి ఫోన్. సూర్యాపేట దగ్గర వెనక టైరు పేలింది, కొత్తది పద్నాలుగు వేలు. యూపీఐ ఎనిమిది వేల దగ్గర ఆగింది.

"నీ ఎనిమిది వేలు పాడుగాను, కొట్టోడి ముందు పరువు పోయిందిరా" అన్నాడు.

"కార్డు లేదా జేబులో? స్వైప్ మిషన్ ఉందేమో అడుగు."

ఫోన్ పెట్టకుండానే అడిగాడు. ఉందట, కింద అరలో చార్జింగ్ లేక పడి ఉందట. చార్జింగ్ ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది, ఆ పది నిమిషాలూ నన్ను తిడుతూనే ఉన్నాడు. తర్వాత బీప్ మని చప్పుడు వినిపించింది. కార్డు మీద పద్నాలుగు వేలు వెళ్లాయి. అతని రోజువారీ ఖాతాలో 640 రూపాయలు మిగిలాయి.